పిల్లవాడు టైప్ చేసే మాటే మీ టైటిల్

కోసిగి మండలంలో ఒక హైస్కూల్. అక్కడ పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరు కుంభాకార కటకం కిరణ చిత్రాల మీద పద్నాలుగు స్లయిడ్లు శ్రద్ధగా తయారు చేసుకున్నారనుకుందాం. క్లాసులో ప్రొజెక్టర్ మీద చూపించారు. ఆ రోజు రాని పిల్లల కోసం స్లైడ్‌షేర్‌లో కూడా పెట్టారు. ఈ పడమటి మండలాల్లో రాని పిల్లలంటే ఒకరిద్దరు కాదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో వానకారు పంట చేతికి రాగానే, లేదా రాదని తేలగానే, ఇంటిల్లిపాదీ సుగ్గికి బయలుదేరతారు. గుంటూరు వైపు పత్తి తీతకో మిరప కోతకో పోతే తిరిగొచ్చేసరికి నెలలు పడుతుంది. పరీక్షలు చూస్తే మార్చిలో.

అలా వెళ్లిన ఒక పిల్లవాడు రాత్రి వాళ్ల నాన్న ఫోన్ తీసుకుని పాఠం వెతికాడు. మర్నాడు సారుకే ఫోన్ చేశాడు: "సార్, ఎంత వెతికినా మీది దొరకల్యా."

పిల్లవాడు టైప్ చేసింది `convex lens diagrams telugu`. సార్ పెట్టిన టైటిల్ `PS 10th new final2`. అప్‌లోడ్ చేసేటప్పుడు ఫైలు పేరే టైటిల్ గడిలో వచ్చి కూర్చుంది, దాన్నలాగే వదిలేశారు. డిస్క్రిప్షన్ గడి ఖాళీ. పిల్లవాడు వెతికిన మాటల్లో ఒక్కటైనా ఆ టైటిల్లో లేదు. పాఠంలో లోపం లేదు, కానీ దానికి పిల్లవాడికి అర్థమయ్యే పేరు లేదు.

ఈ అధ్యాయంలో మనం ఆ ఒక్క ఫైలునే తీసుకుని, మొదటి నుంచి చివరిదాకా సరిచేద్దాం. మీ పాఠం చరిత్రైనా, జీవశాస్త్రమైనా వరస ఇదే.

వెతికేవాడి దగ్గర ఏ మాటలున్నాయి?

టైటిల్ రాసేముందు పిల్లల దగ్గర ఏ మాటలున్నాయో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పాఠ్యపుస్తకం ద్విభాషా పుస్తకం. ఎదురెదురు పేజీల్లో ఒకవైపు ఇంగ్లీషు, మరోవైపు తెలుగు. కాబట్టి మన పిల్లవాడికి కుంభాకార కటకమూ తెలుసు, కాన్వెక్స్ లెన్సూ తెలుసు. కానీ ఫోన్‌లో వెతికేటప్పుడు అతని వేలు ఇంగ్లీషు అక్షరాల మీదికే పోతుంది. కుంభాకారకి వత్తు, దీర్ఘం పెట్టి తెలుగు కీబోర్డులో కొట్టే ఓపిక చాలామందికి ఉండదు. కొందరు మైకు గుర్తు నొక్కి నోటితో చెబుతారు, అప్పుడు ఫోన్ తెలుగు లిపిలో రాస్తుంది. ఇంకొందరు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో `kumbhakara katakam` అని కొడతారు. అంటే ఒకే పాఠానికి మూడు దారుల్లో వస్తున్నారు. మూడు దారులకూ గుమ్మం ఉండాలి.

ఆదోని చుట్టుపక్కల కన్నడ మీడియం పిల్లలూ ఉన్నారు. వాళ్ల పుస్తకంలో ఇది పీన మసూర. వాళ్లకూ మన పిల్లలకూ ఉమ్మడిగా ఉన్నది ఇంగ్లీషు పేరే. అందుకే తెలుగు మీడియం పాఠమైనా టైటిల్లో ఇంగ్లీషు పేరు తీసేయకూడదు.

ఇక్కడే ఇంకో చిక్కు. 2024-25 నుంచి రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ ఆధారంగా కొత్త పుస్తకాలు వచ్చాయి. ఇప్పుడు ఈ విషయం "కాంతి: పరావర్తనం, వక్రీభవనం" అనే పాఠంలో ఉంది. 2014 నాటి పుస్తకంలో ఇదే సంగతి "వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం" అనే పేరుతో ఉండేది. పాత పుస్తకం నాటి స్లయిడ్లు ఇప్పటికీ పనికొస్తాయి, కిరణం వంగే తీరు సిలబస్‌తో మారదు కదా. కానీ టైటిల్లో పాత పాఠం పేరొక్కటే ఉంటే కొత్త పిల్లలకు కనబడదు. పాఠం నంబరును నమ్ముకుంటే మరీ ఇబ్బంది. పుస్తకం మారగానే నంబరూ మారుతుంది. "పాఠం 4" అని వెతికినవాడికి మీది కాక ఇంకేదో పాఠం దొరుకుతుంది.

మీ పిల్లలు ఏం టైప్ చేస్తారో ఊహించక్కర్లేదు. ఒక పీరియడ్ చివర్లో అందరికీ చిన్న చీటీ ఇచ్చి, "రేపు మీరు బడికి రాలేదు, ఈ పాఠం ఫోన్‌లో వెతకాలి, ఏమని కొడతారు?" అని రాయించండి. స్పెల్లింగు తప్పులు దిద్దకండి, ఆ తప్పులే మీకు కావాలి. ఎక్కువ చీటీల్లో వచ్చిన రెండు మూడు మాటలే మీ టైటిల్‌కి ముడిసరుకు.

టైటిల్: ముందేది, వెనకేది

చాలామంది టీచర్ల టైటిళ్లు ఇలా మొదలవుతాయి: "పదవ తరగతి భౌతిక రసాయన శాస్త్రము, ప్రభుత్వ ఉన్నత పాఠశాల..." రిజిస్టరులో రాసుకోవడానికి ఈ వరస బాగుంటుంది. ఫోన్‌లో మాత్రం జాబితాలో ఒక్కో టైటిల్‌కి ఒకటి రెండు వరసలే కనిపిస్తాయి, మిగతాది చుక్కలైపోతుంది. మీరు ఇరవై పాఠాలు పెడితే ఇరవైకీ కనిపించే భాగం ఒకటే అవుతుంది. ఏది లెన్సు, ఏది దర్పణం, ఏది కన్ను అని పిల్లవాడు ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. సుగ్గికి పోయిన ఇంట్లో ఆ డేటా అంతా నాన్న రీచార్జిలోంచే పోవాలి.

అందుకే వరస తిప్పండి. ఈ ఫైలును మిగతావాటి నుంచి వేరు చేసే మాట ముందు. రెండో భాషలో అదే మాట తర్వాత. తరగతి, సబ్జెక్టు, రాష్ట్రం చివర.

```
కుంభాకార కటకం కిరణ చిత్రాలు | Convex Lens Ray Diagrams | 10వ తరగతి PS, AP
```

ఇందులో ప్రతి మాటా ఎందుకుందో చూడండి. "కటకం" లేకుండా "కుంభాకార" అని వదిలేస్తే సగం మంది కుంభాకార దర్పణం అనుకుంటారు. పదో తరగతిలో రెండూ ఒకే పాఠంలో ఉన్నాయి మరి. "కిరణ చిత్రాలు" లేకపోతే కటక సూత్రం లెక్కల కోసం వచ్చినవాడు తెరిచి, విసుక్కుని మూసేస్తాడు. "10వ తరగతి" లేకపోతే ఇంటర్ పిల్లలు వస్తారు. "AP" ఉండటం వల్ల ఏ పుస్తకం ప్రకారమో తెలుస్తుంది. ఇక తీసేయాల్సినవి: "ఫైనల్", "న్యూ", "బెస్ట్ నోట్స్", "తప్పక చూడండి". వీటితో ఎవరూ పాఠం వెతకరు.

ఇంగ్లీషు పేరు చేర్చడానికి ఇంకో కారణం లింకు. చాలా వేదికలు టైటిల్ నుంచే లింకు చిరునామా తయారు చేస్తాయి. తెలుగు అక్షరాలు చిరునామాలోకి వెళ్తే, కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టేటప్పుడు ఒక్కో అక్షరం తొమ్మిది గుర్తులుగా విడిపోవచ్చు. "క" ఒక్కటే ఇలా అవుతుంది:

```
%E0%B0%95
```

"కటకం" అనే చిన్న మాటకే ఇలాంటివి ముప్పై ఆరు గుర్తులు. అది చూసి పిల్లల తల్లిదండ్రులు ఇదేదో మోసపు లింకని వదిలేస్తారు. ఇంగ్లీషు మాటలు కూడా ఉంటే లింకులో `convex-lens-ray-diagrams` అనే ముక్కైనా చదవడానికి వీలుగా ఉంటుంది. అప్‌లోడ్ నొక్కకముందే టైటిల్ సరిచేసుకోండి. తర్వాత టైటిల్ మార్చినా పాత లింకు అలాగే ఉండిపోవచ్చు.

డిస్క్రిప్షన్: బొమ్మలు చెప్పలేని సంగతి

స్లైడ్‌షేర్ 2006లో మొదలైంది. 2012లో లింక్డిన్ చేతికి, 2020లో స్క్రిబ్డ్ చేతికి వెళ్లింది. యజమానులు మారినా దాని పద్ధతిలో మనకు కావాల్సినది ఒకటుంది. అది మీ స్లయిడ్లలోని టైపు చేసిన అక్షరాలను విడిగా తీసి, సెర్చ్ ఇంజన్లు చదువుకునేలా పేజీలో పెడుతుంది. చరిత్ర పాఠానికైతే ఇది వరమే, స్లయిడ్ల నిండా మాటలే కనుక. కిరణ చిత్రాల పాఠంలో ఉన్నవి గీతలు, బాణాలు, F1, 2F1 లాంటి గుర్తులు. పద్నాలుగు స్లయిడ్లలోంచి తీసినా పట్టుమని పది మాటలు రావు. బొమ్మలు పుస్తకంలోంచి ఫోటో తీసి అంటించినవైతే వాటి మీది అక్షరాలు కూడా లెక్కలోకి రావని అనుకోవాలి. కాబట్టి ఇలాంటి పాఠాలకు వెతుకులాట భారమంతా డిస్క్రిప్షన్ మీదే పడుతుంది.

డిస్క్రిప్షన్‌లో మొదటి రెండు వాక్యాలు ముఖ్యం. సెర్చ్ ఫలితాల్లో టైటిల్ కింద సాధారణంగా కనిపించేవి అవే. అక్కడ "విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఆశిస్తూ" అని రాస్తే ఉన్న జాగా ఖర్చైపోతుంది. లోపలేముందో చెప్పండి. మన ఫైలుకు ఇలా రాయవచ్చు:

```
కుంభాకార కటకం ముందు వస్తువును ఆరు స్థానాల్లో ఉంచినప్పుడు
ప్రతిబింబం ఎక్కడ, ఎలా ఏర్పడుతుందో కిరణ చిత్రాలతో.
10వ తరగతి ఫిజికల్ సైన్స్, AP, "కాంతి: పరావర్తనం, వక్రీభవనం"
పాఠం (పాత పుస్తకంలో "వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం").

స్లయిడ్ 2-3: నాభి, దృక్ కేంద్రం, ప్రధాన అక్షం
స్లయిడ్ 4: కిరణాలు గీసే నియమాలు
స్లయిడ్ 5-10: ఆరు స్థానాలు (అనంత దూరం, 2F1 ఆవల, 2F1 వద్ద,
F1-2F1 మధ్య, F1 వద్ద, F1-కటకం మధ్య)
స్లయిడ్ 11-14: పట్టిక, సాధన ప్రశ్నలు

ఇందులో దర్పణాలు, కటక సూత్రం లెక్కలు లేవు.
Image formation by convex lens, Telugu medium.
kumbhakara katakam kirana chitralu
కోసిగి, Kosigi, కర్నూలు జిల్లా
```

స్లయిడ్ నంబర్లు ఇవ్వడం వల్ల రెండు లాభాలు. పరీక్ష ముందు రోజు పట్టిక ఒక్కటే కావాల్సిన పిల్లవాడు నేరుగా పదకొండుకి వెళ్తాడు. "నాభి", "దృక్ కేంద్రం", "ప్రధాన అక్షం" అనే మాటలు సహజంగానే పేజీలోకి వస్తాయి. వాటితో వెతికినవాళ్లకూ మీ పాఠం కనిపించే వీలుంటుంది.

"ఇందులో లేవు" అనే వాక్యం చాలామంది రాయరు. రాస్తే తెరిచేవాళ్లు తగ్గుతారని భయం. తగ్గేది దారి తప్పి వచ్చేవాళ్లు మాత్రమే. లెక్కల కోసం వచ్చినవాడికి లెక్కలు లేవని ముందే తెలిస్తే, అవి ఉన్న మీ రెండో ఫైలుకి వెళ్తాడు. దాని లింకు అక్కడే ఇవ్వండి.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఒక్క వరస చాలు. అదే మాటను పది రకాల స్పెల్లింగుల్లో రాశారంటే చదివేవాడికి చిరాకు. సెర్చ్ ఇంజన్లు కూడా అలాంటి మాటల కుప్పను మంచి గుర్తుగా తీసుకోవు. ట్యాగులదీ అదే సంగతి. పాఠానికి నిజంగా చెందినవి నాలుగైదు పెట్టి ఆపండి.

లోపలి శీర్షికలు, ఫాంటు

ఇప్పుడు ఫైలు లోపలికి వెళ్దాం. ఆరు స్థానాల స్లయిడ్లకు "కిరణ చిత్రం 1", "కిరణ చిత్రం 2" అని శీర్షికలుంటే వెతికేవాడికీ చదివేవాడికీ ఏమీ తెలియదు. శీర్షికలోనే సమాధానం పెట్టండి: "వస్తువు 2F1 వద్ద: ప్రతిబింబం 2F2 వద్ద, సమాన పరిమాణం, నిజ, తలక్రిందులు". చివరి స్థానానికి: "వస్తువు F1కి, కటకానికి మధ్య: అదే వైపు పెద్దదైన మిథ్యా ప్రతిబింబం, నిటారుగా". ఈ మాటల్ని స్లయిడ్ పైన టైటిల్ గడిలోనే టైప్ చేయాలి. రంగురంగుల అక్షరాలను బొమ్మగా చేసి అంటిస్తే వేదిక వాటిని చదవలేకపోవచ్చు.

తెలుగు స్లయిడ్ల విషయంలో అన్నిటికంటే పెద్ద దెబ్బ ఫాంటు దగ్గర తగులుతుంది. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో డీటీపీ సెంటర్లో ప్రశ్నపత్రాలు చేయించే టీచర్లకు అను ఫాంట్లు పరిచయమే. ఆ మ్యాటర్‌నే స్లయిడ్లలోకి తెచ్చుకుంటారు. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. కానీ అను లాంటి పాత ఫాంట్లలో లోపల నిల్వ ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, వాటికి పైన తెలుగు రూపం తొడిగి ఉంటుంది. వేదిక ఆ అక్షరాలను తీసినప్పుడు తొడుగు ఊడిపోయి అర్థం లేని గుర్తుల వరస మిగులుతుంది. స్లయిడ్ల నిండా తెలుగు ఉన్నా సెర్చ్‌కి ఒక్క తెలుగు మాటా కనిపించదు.

పట్టుకోవడం తేలిక. స్లయిడ్లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగులోనే వస్తే అది యూనికోడ్, భయం లేదు. పిచ్చి గుర్తులొస్తే పాత ఫాంటు. ఫైలంతా మార్చే తీరిక లేకపోతే శీర్షికల వరకైనా యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయండి. నిర్మల యూఐ, గౌతమి, మండలి వంటివి యూనికోడ్ ఫాంట్లే.

పీడీఎఫ్‌గా మార్చి పెట్టేవాళ్లు ఇదే పరీక్ష పీడీఎఫ్ మీద ఇంకోసారి చేయాలి. పవర్‌పాయింట్‌లో సరిగా ఉన్న యూనికోడ్ తెలుగు కూడా పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే ఒక్కోసారి గుణింతాలు చెదిరి, వత్తులు పక్కకి జరిగి వస్తుంది. అలా వస్తే పీడీఎఫ్ కాకుండా `.pptx` ఫైలునే అప్‌లోడ్ చేయండి. పీడీఎఫ్‌కి ఇంకో చిన్న జాగ్రత్త. పవర్‌పాయింట్ ఫైలుకు లోపల ఒక పేరుంటుంది, ఎవరూ మార్చకపోతే అది తరచుగా `PowerPoint Presentation` అనే ఉంటుంది. ఆ పేరు పీడీఎఫ్‌లోకి వెళ్లి, కొన్నిచోట్ల సెర్చ్ ఫలితంలో కూడా అదే కనిపిస్తుంది. కంప్యూటర్లో `File` మెనూలో `Info` నొక్కితే కుడివైపు `Title` అని గడి ఉంటుంది. అందులో మీ టైటిల్ రాసి అప్పుడు పీడీఎఫ్ చేయండి.

దొరుకుతోందా లేదా?

అప్‌లోడ్ చేసిన వెంటనే వెతికి కనిపించలేదని దిగులు పడకండి. సెర్చ్ ఇంజన్ కొత్త పేజీని చూసి నమోదు చేసుకోవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆ తర్వాత మీ ఖాతాతో లాగిన్ కాని ఇంకో ఫోన్ తీసుకుని రెండు పరీక్షలు చేయండి.

మొదటిది, మీ టైటిల్లోని మాటలను కొటేషన్ గుర్తుల్లో పెట్టి గూగుల్‌లో వెతకడం:

```
site:slideshare.net "కుంభాకార కటకం కిరణ చిత్రాలు"
```

రెండోది, పిల్లల చీటీల్లో వచ్చిన మాటతో మామూలుగా వెతకడం.

మొదటి దాంట్లోనే రాకపోతే పేజీ ఇంకా నమోదు కాలేదన్నమాట. లేదంటే ఫైలు ప్రైవేటుగా ఉండిపోయింది, ఆ సెట్టింగు చూసుకోండి. మొదటి దాంట్లో వచ్చి రెండో దాంట్లో రాకపోతే ఫైలు క్షేమంగానే ఉంది, మాటలే కుదరలేదు. అప్పుడు చీటీల్లోని మాట టైటిల్లో ఉందో లేదో చూసి మార్చండి. ఈ రెండు లోపాలనూ కలగలిపి చూస్తే, సెట్టింగు తప్పుకి టైటిల్ మారుస్తూ కూర్చుంటాం.

గూగుల్ డ్రైవ్ లింకును క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లకు ఒక మాట. లింకున్న ఎవరైనా చూడొచ్చని సెట్ చేసినంత మాత్రాన అది గూగుల్ సెర్చ్‌లో దొరుకుతుందని కాదు. గ్రూపులో లేని పిల్లవాడికి, ఫోన్ మార్చి పాత మెసేజీలు పోగొట్టుకున్నవాడికి ఆ పాఠం లేనట్టే.

ఎక్కడిదాకా ఆశించవచ్చో కూడా తెలిసి ఉండాలి. `convex lens` అని మాత్రమే వెతికితే మీ ఫైలు మొదటి పేజీలోకి రావడం కష్టం. ఆ మాటకు ప్రపంచమంతా పోటీ. తెలుగు, పదో తరగతి, ఏపీ అనే మాటలు కలిసేకొద్దీ పోటీ పలచబడుతుంది. 2017లో మొదలైన దీక్ష వేదికలో బోర్డు, మీడియం, తరగతి ముందుగా ఎంచుకోమనడం కూడా ఇందుకే. అక్కడ వేదిక అడిగి తీసుకునే వివరాలను స్లైడ్‌షేర్‌లో మీరే టైటిల్లో, డిస్క్రిప్షన్‌లో రాసుకోవాలి.

పోటీ ఇంకా పలచబడే మాట ఒకటుంది, మీ ఊరి పేరు. డిస్క్రిప్షన్ చివర, మీ ప్రొఫైల్లో "కోసిగి, Kosigi" అని రెండు లిపుల్లోనూ పెట్టండి. పాఠం పేరు సగమే గుర్తున్న పిల్లవాడు `lens kosigi telugu` అని కొట్టినా దొరికే అవకాశం పెరుగుతుంది. కానీ తెలంగాణలో నారాయణపేట జిల్లాలో కోస్గి ఉంది, దాన్ని `Kosgi` అని రాస్తారు. రెండు స్పెల్లింగులూ తరచుగా కలిసిపోతాయి. అందుకే ఊరి పక్కన జిల్లా పేరు తప్పనిసరి. ఊరు టైటిల్ మొదట్లోకి మాత్రం రాకూడదు. అక్కడి జాగా కటకానిది.

ఈ వారం పని

పాత అప్‌లోడ్‌లన్నీ ఒకేసారి దిద్దాలని కూర్చోకండి. పరీక్షల్లో తరచూ అడిగే ఒక్క పాఠం తీసుకోండి. చీటీలు రాయించి మాటలు ఏరండి. టైటిల్‌ను విషయం, రెండో భాష, తరగతి అనే వరసలో మళ్లీ రాయండి. డిస్క్రిప్షన్‌లో ఉన్నదేదో, లేనిదేదో స్లయిడ్ నంబర్లతో చెప్పండి. ఒక వాక్యం వాట్సాప్‌లో పంపుకుని ఫాంటు చూసుకోండి.

తర్వాత బోర్డు మీద లింకు రాయకండి. అంత పొడుగు చిరునామాను నోట్సులోకి ఎక్కించుకునేటప్పుడు పిల్లలు ఒక అక్షరం తప్పు రాస్తే చాలు, అది తెరుచుకోదు. దానికి బదులు వెతకాల్సిన మాటలే రాయండి: `convex lens ray diagrams telugu kosigi`. సుగ్గికి వెళ్లేముందు ఆ వరసను ప్రతి పిల్లవాడి సైన్స్ నోట్సు అట్ట లోపల రాయించండి. పిల్లలు వెళ్లాక వారానికోసారి మీరే ఇంకో ఫోన్‌లో అవే మాటలు కొట్టి చూడండి. ఫలితాల్లో మీ పాఠం కిందికి జారుతుంటే మార్చాల్సింది ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు.